టెన్స్‌లు, టైమ్ గుర్తులు: పరీక్ష ముందు రోజు చూసుకునే ఒక్క పేజీ

ఇంగ్లిష్ పేపర్లో ఖాళీ కనబడగానే క్రియ మీద పడిపోకు. ముందు వాక్యంలో కాలం చెప్పే మాట ఎక్కడుందో వెతికి దాని కింద గీత గీయి. తర్వాత ఒకటే అడుగు: ఆ సమయం అయిపోయిందా, ఇంకా నడుస్తోందా? గుర్తు మాట దారి చూపిస్తుందే కానీ జవాబు రాసిపెట్టదు. అందుకే ఈ టేబుల్‌తో ఆగిపోకుండా కింద ఉన్నది కూడా చదువు.

| టెన్స్ | రూపం | పక్కన తరచుగా ఉండే మాటలు |
|---|---|---|
| సింపుల్ ప్రెజెంట్ | V1 / V1 + s, es | ఎవ్రీ డే, ఆల్వేస్, యూజువలీ, ఆఫెన్, ఆన్ సండేస్ |
| ప్రెజెంట్ కంటిన్యుయస్ | am/is/are + V-ing | నౌ, ఎట్ ద మూమెంట్, లుక్!, లిజన్! |
| ప్రెజెంట్ పర్ఫెక్ట్ | has/have + V3 | జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్, సో ఫార్, సిన్స్, ఫర్ |
| ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ | has/have been + V-ing | సిన్స్, ఫర్, ఆల్ మార్నింగ్, హౌ లాంగ్ |
| సింపుల్ పాస్ట్ | V2 | యెస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2019 |
| పాస్ట్ కంటిన్యుయస్ | was/were + V-ing | వైల్, వెన్, ఎట్ ఎయిట్ లాస్ట్ నైట్ |
| పాస్ట్ పర్ఫెక్ట్ | had + V3 | బిఫోర్, ఆఫ్టర్, బై ద టైమ్ |
| సింపుల్ ఫ్యూచర్ | will + V1 | టుమారో, నెక్స్ట్ వీక్, సూన్ |
| ఫ్యూచర్ కంటిన్యుయస్ | will be + V-ing | ఎట్ దిస్ టైమ్ టుమారో |
| ఫ్యూచర్ పర్ఫెక్ట్ | will have + V3 | బై టుమారో, బై నెక్స్ట్ మంత్ |

మిగిలిన రెండు, had been + V-ing, will have been + V-ing, అరుదుగా వస్తాయి. రూపం గుర్తుంటే చాలు, వాటి కోసం ఈ రాత్రి టెన్షన్ పడొద్దు.

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే: V2 రాయాలా, have + V3 రాయాలా?

తెలుగులో "పాఠం చదివేశాను" అంటే రెండు సందర్భాలకూ సరిపోతుంది. ఇంగ్లిష్ అలా ఊరుకోదు. ఎప్పుడు జరిగిందో చెప్పి, ఆ సమయం ముగిసిపోయి ఉంటే V2: "ఐ ఫినిష్డ్ ద లెసన్ యెస్టర్‌డే." ఎప్పుడన్నది చెప్పకుండా, ఇప్పటికి పని అయిందా లేదా అన్నదే ముఖ్యమైతే పర్ఫెక్ట్: "ఐ హావ్ ఫినిష్డ్ ద లెసన్." ఈ రెండింటినీ కలిపి "ఐ హావ్ ఫినిష్డ్ ద లెసన్ యెస్టర్‌డే" అని రాస్తే మార్కు పోయినట్టే. ఎగో, యెస్టర్‌డే, లాస్ట్ నైట్, ఇన్ 2019 లాంటివి కనబడితే have వైపు చూడనే వద్దు. "ఎప్పుడు" అని అడిగే ప్రశ్నకూ ఇదే రూల్: "వెన్ డిడ్ యూ కమ్?" సరైనది, "వెన్ హావ్ యూ కమ్?" తప్పు.

కళ్లు మోసం చేసే జంట ఒకటుంది. "లాస్ట్ వీక్" అంటే పోయిన వారం, ముగిసిపోయింది, కాబట్టి V2. "ఫర్ ద లాస్ట్ వీక్" అంటే గత వారం రోజులుగా, అంటే ఇవాళ్టి దాకా, కాబట్టి పర్ఫెక్ట్. "షి వాజ్ ఇల్ లాస్ట్ వీక్." "షి హ్యాజ్ బీన్ ఇల్ ఫర్ ద లాస్ట్ వీక్." లాస్ట్ అన్న మాట ఒక్కటే చూసి V2 రాసేస్తే రెండో దానిలో దొరికిపోతావు.

దిస్ మార్నింగ్, టుడే అటూ ఇటూ తిరుగుతాయి. ఇంకా ఉదయమే అయితే "ఐ హావ్ డ్రంక్ టూ కప్స్ దిస్ మార్నింగ్" అనొచ్చు. అదే మాట సాయంత్రం చెబితే "డ్రాంక్".

సిన్స్, ఫర్

సిన్స్ తర్వాత మొదలైన చోటు వస్తుంది: సిన్స్ మండే, సిన్స్ 2020, సిన్స్ మార్నింగ్. ఫర్ తర్వాత ఎంతసేపన్నది వస్తుంది: ఫర్ త్రీ అవర్స్, ఫర్ టూ ఇయర్స్. "రెండేళ్లుగా చదువుతున్నాను" అన్న తెలుగు వాక్యం మనసులో ఉంటే చెయ్యి "ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ టూ ఇయర్స్" అని రాస్తుంది. అందులో తప్పులు రెండు. సరైనది "ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ టూ ఇయర్స్."

సిన్స్ వెనకే ఇంకో చిన్న వాక్యం వస్తే ఆ చిన్న వాక్యం మామూలుగా V2లో ఉంటుంది: "షి హ్యాజ్ లివ్డ్ హియర్ సిన్స్ షి వాజ్ టెన్." అయితే ప్రతి సిన్స్ కాలం చెప్పదు. "సిన్స్ ఇట్ వాజ్ రెయినింగ్, వి స్టేడ్ ఎట్ హోమ్" అన్నప్పుడు దాని అర్థం "కాబట్టి". ఫర్ కూడా అంతే, పని ముగిసిపోయి ఉంటే V2 చాలు: "హి వర్క్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్ అండ్ దెన్ లెఫ్ట్."

-ing ఒప్పుకోని క్రియలు

నో, బిలీవ్, లైక్, వాంట్, నీడ్, అండర్‌స్టాండ్, బిలాంగ్. పక్కన నౌ ఉన్నా సరే, వీటికి మామూలుగా కంటిన్యుయస్ వాడరు. "ఐ అండర్‌స్టాండ్ నౌ" అనాలి. "ఐ హావ్ నోన్ హిమ్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలి, "బీన్ నోయింగ్" అనకూడదు. హావ్ సంగతి కొంచెం వేరు: సొంతమన్న అర్థంలో -ing పట్టదు, భోజనం చేయడమన్న అర్థంలో పడుతుంది. కాబట్టి "హి హ్యాజ్ ఎ బైక్", "హి ఈజ్ హావింగ్ లంచ్" రెండూ సరైనవే.

గతంలో రెండు పనులు ఉంటే

ముందు జరిగినదానికి had. "ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ వి రీచ్డ్ ద స్టేషన్": ముందు రైలు వెళ్లింది, తర్వాత మనం చేరాం. బిఫోర్ ఉంటే had అవతలి వాక్యంలోకి పోతుంది. ఆఫ్టర్ ఉంటే దాని వెంట ఉన్న వాక్యంలోకే వస్తుంది: "ఆఫ్టర్ హి హ్యాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ టు బెడ్." ఒక పని నడుస్తుండగా ఇంకోటి మధ్యలో వచ్చి పడితే పొడవుగా సాగేదానికి was/were + V-ing, మధ్యలో వచ్చినదానికి V2: "వైల్ ఐ వాజ్ రీడింగ్, ద లైట్స్ వెంట్ అవుట్."

ఫ్యూచర్‌లో విల్ రాయకూడని చోట్లు

సమయం చెప్పే వెన్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, బిఫోర్, అలాగే షరతు పెట్టే ఇఫ్, వీటి వెంట వచ్చే వాక్యంలో will ఉండదు. "ఐ విల్ కాల్ యూ వెన్ ఐ రీచ్ హోమ్." will ఒక్కసారే, అదీ ప్రధాన వాక్యంలో. టైమ్‌టేబుల్ ప్రకారం జరిగేదానికి టుమారో ఉన్నా సింపుల్ ప్రెజెంట్ సరిపోతుంది: "ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో." లుక్! కనబడితే -ing అని కళ్లు మూసుకుని రాయొద్దు. "లుక్ ఎట్ దోజ్ క్లౌడ్స్! ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్." వాన ఇంకా మొదలవలేదు మరి.

సరిదిద్దడం: కుడివైపు మూసేసి ముందు నువ్వే చెప్పు

| తప్పు | ఒప్పు |
|---|---|
| ఐ హావ్ మెట్ హర్ టూ డేస్ ఎగో. | ఐ మెట్ హర్ టూ డేస్ ఎగో. |
| హి ఈజ్ ప్లేయింగ్ సిన్స్ మార్నింగ్. | హి హ్యాజ్ బీన్ ప్లేయింగ్ సిన్స్ మార్నింగ్. |
| ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ స్టే హియర్. | ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే హియర్. |
| దిస్ బుక్ ఈజ్ బిలాంగింగ్ టు మి. | దిస్ బుక్ బిలాంగ్స్ టు మి. |
| బై నెక్స్ట్ మంత్ షి విల్ ఫినిష్ ద కోర్స్. | బై నెక్స్ట్ మంత్ షి విల్ హావ్ ఫినిష్డ్ ద కోర్స్. |
| షి హ్యాజ్ వెంట్ హోమ్. | షి హ్యాజ్ గాన్ హోమ్. |

చివరిదానిలో టెన్స్ సరిగ్గానే పట్టుకుని V3 దగ్గర జారిపోయాం. గో, వెంట్, గాన్. సీ, సా, సీన్. డ్రింక్, డ్రాంక్, డ్రంక్. రైట్, రోట్, రిటెన్: పడుకునే ముందు ఇవి ఒకసారి పైకి చదివేసెయ్.