రెండు నిమిషాల అక్కకి

అక్కా,

ఈ ఉత్తరం నీ హ్యాండ్‌బ్యాగులో, లోపలి జిప్పులో పెడుతున్నాను. దువ్వెన కోసం ఎలాగూ బ్యాగంతా తిరగేస్తావు కాబట్టి దొరుకుతుంది.

రేపు నీ పెళ్లి. నిన్ను టైముకి రెడీ చేసే పని అందరూ కలిసి నా నెత్తిన పెట్టారు. ఇన్నేళ్లలో నాన్న వల్లే కాలేదు, నా వల్ల అవుతుందా? ఆయన బండి తీసి హారన్ కొట్టడం, నువ్వు లోపల్నుంచి "రెండే రెండు నిమిషాలు!" అని అరవడం, ఆయన బండి ఆపేసి వచ్చి పేపరు మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం... బావగారికి ముందే చెప్పి ఉంచాను. అక్క "బయల్దేరాను" అంటే ఇంకా స్నానానికి వెళ్లలేదని, "దారిలో ఉన్నాను" అంటే చెప్పులు వెతుక్కుంటోందని. ఆయన నవ్వేసి, మొదటిసారి కలిసిన రోజే నలభై నిమిషాలు ఎదురుచూశానన్నారు. అప్పుడే నాకు ఆయన భలే నచ్చేశారు.

ఇక నీ షాపింగు! ఆ చెప్పుల జత గుర్తుందా? మొదటి షాపులో మొదటి నిమిషంలోనే నచ్చాయి నీకు. అయినా "ఇంకో రెండు చోట్ల చూద్దాం" అని పదకొండు షాపులు తిప్పావు. నా రెండు చేతులకీ సంచులు తగిలించి, అద్దం ముందు ఒక్కో జతా వేసుకుని, "ఇది బావుందా, అది బావుందా?" అని అడగడం. నేను ఏది చెబితే రెండోది చూడడం. చివరికి మొదటి షాపుకే వచ్చి అవే కొన్నావు. వాటిని డ్రెస్సుకి మ్యాచింగ్ అని కొన్నావు కదా, ఇంటికొచ్చాక వాటికి మ్యాచింగ్ బ్యాగు లేదన్నావు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది నాకు.

నిన్న రాత్రి నీ బీరువా సర్దుతుంటే ఒక సంగతి అర్థమైంది. అన్ని సంచులు తెచ్చావు, అందులో సగం నా సైజువే. నా జుట్టుకి క్లిప్పులు, నాకు స్వెట్టరు, నా పాదాలు నొప్పెడతాయని మెత్తటి చెప్పులు. లేటు కూడా అంతే. నా జడ వేసి, నా డ్రెస్సు ఇస్త్రీ చేసి, అమ్మ మాత్ర వేసుకుందో లేదో చూశాకే నువ్వు అద్దం ముందుకి వెళ్లేదానివి. తిట్లు మాత్రం నువ్వే తినేదానివి. నేను ఒక్కసారి కూడా నోరు విప్పి చెప్పలేదు. సారీ అక్కా.

నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఎదురుగా చెబితే ఇద్దరం ఏడ్చేస్తాం, నీ మేకప్ పోతుంది, మళ్లీ గంట పడుతుంది. అందుకే రాశాను.

రేపు అందరూ తలుపు కొడతారు. కొట్టనీ. ఒక్క రెండు నిమిషాలు మన గదిలో నా పక్కన కూర్చో. "అక్క ఇంకా రెడీ అవుతోంది" అని ఈసారి నేనే అరుస్తాను.

నీ చెల్లి