వాషరు

స్థలం: హైదరాబాద్ మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. 20 ఫ్లాట్లు. ఏప్రిల్, ఆదివారం ఉదయం.

యూనిట్‌కు: ఒకే కెమెరా, చేతిలోనే. నేపథ్య సంగీతం లేదు. జవాబు అయ్యాక 4 సెకన్లు కట్ చెప్పొద్దు. నవ్వు పుట్టేది ఆ ఖాళీలోనే. ఎవరూ కామెడీ చేస్తున్నట్టు చెయ్యకూడదు.

సీన్ 1. సెల్లార్

మోటారు హోరు. ప్రెసిడెంట్ డెలివరీ పైపు మీద చెయ్యి వేసి ఉన్నారు.

ప్రెసిడెంట్ (కెమెరాకు): మోటారు తిరుగుతోందండీ. నీళ్లొక్కటే రావట్లేదు. మిగతాదంతా బాగానే ఉంది.

(వెనక లిఫ్ట్ తెరుచుకుంటుంది. లోపల 302 ఆయన. టవలు, ఒంటినిండా సబ్బు నురగ. కెమెరాను చూస్తూ, తలుపులు మూసుకునేదాకా కదలడు.)

సీన్ 2. ఇంటర్వ్యూ, వాచ్‌మన్ స్టూలు

వాచ్‌మన్: సంపుల పైపు చివర ఫుట్‌వాల్వ్ ఉంటది సార్. దాని వాషరు కింద ఇసుక ఇరికింది. మోటారు ఆపంగనే పైపుల నీళ్లు మళ్ల సంపులకే జారుతున్నయ్. అందుకే ఎయిర్ పట్టింది. ఇట్లనే ఉత్తగ తిప్పితే సీల్ కాలుతది.

కెమెరా వెనక గొంతు: మీటింగ్‌లో చెప్పారా?

వాచ్‌మన్: అడగలే సార్. (4 సెకన్లు) కుర్చీలేసింది నేనే.

సీన్ 3. మళ్లీ అసోసియేషన్ మీటింగ్

ట్రెజరర్: వాషరు నలభై. ఫ్లాటుకు రెండు రూపాయలు.

101 ఆవిడ: మాది మొదటి అంతస్తు. మాకు నీళ్లు కిందికే దిగుతాయి. ఎత్తే ఖర్చు మాకెందుకండీ?

(ట్రెజరర్ క్యాలిక్యులేటర్ తీస్తారు. కెమెరా మెల్లగా తెర మీదికి జూమ్. అందరూ ఎదురుచూస్తారు.)

సీన్ 4. సెల్లార్

వాషరు మారింది. మెయిన్ ఆఫ్. వాచ్‌మన్ ప్రైమింగ్ ప్లగ్ విప్పి, సంపులోంచి బకెట్ తోడి పెడతాడు. ప్రెసిడెంట్ రాగిచెంబుతో అభిషేకంలా పోస్తారు. బుడబుడ బుడగలు.

ప్రెసిడెంట్: చాలా?

వాచ్‌మన్: బుడగలు ఆగాలె సార్.

ట్రెజరర్ (రాసుకుంటూ): ఏడో చెంబు.

302: సార్, ఒక్క చెంబు నా మీద...

ప్రెసిడెంట్: అవి ప్రైమింగ్‌కు కేటాయించిన నీళ్లండీ.

(302 ఆయన చెంబునే చూస్తుంటాడు. నురగ ఆరి చెవి దగ్గర తెల్లగా పగులుతోంది. క్లోజప్. 6 సెకన్లు.)

బుడగలు ఆగాయి. వాచ్‌మన్ ప్లగ్‌కు టెఫ్లాన్ టేప్ చుట్టి బిగిస్తాడు. స్విచ్. మోటారు శబ్దం బరువెక్కుతుంది. చప్పట్లు.

సీన్ 5. గేటు దగ్గర, గంటన్నర తర్వాత

ప్రెసిడెంట్ ఇంటర్వ్యూ. వెనక ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగి, పైపులోంచి ధారగా పడుతోంది.

గొంతు: మోటారు ఆపరా?

ప్రెసిడెంట్: ఆన్ చెయ్యడానికి తీర్మానం ఉందండీ. ఆఫ్ చెయ్యడం వచ్చే ఆదివారం ఎజెండాలో పెట్టాం.

(4 సెకన్లు. వెనక 302 ఆయన ఫ్రేములోకి వచ్చి, చెప్పులు పక్కన విడిచి, ధార కింద నిలబడతాడు. వాచ్‌మన్ టవలు అందుకుంటాడు. కట్.)