చేతులు కడుగుదాం: 3వ తరగతి వీడియో స్క్రిప్టు

(మధ్యాహ్న భోజనం గంట. కుళాయి దగ్గర పిల్లలు.)

టీచర్: చేతులు చూపించమ్మా.

పాప: శుభ్రంగానే ఉన్నాయి టీచర్!

(అరచేతిలో రెండు చుక్కల నూనె, చిటికెడు పసుపు. పసుపు ఎక్కువైతే సబ్బుకూ లొంగదు, జాగ్రత్త! పాప చేతులు రుద్దుకుని ఉత్త నీళ్లతో కడుగుతుంది. కెమెరా దగ్గరగా: గోళ్ల సందుల్లో పసుపు.)

పాప: అయ్యో, జిడ్డు పోలేదు!

టీచర్: నూనె నీళ్లలో కలవదు. సబ్బు దాన్ని విడదీసి నీళ్లతో పంపేస్తుంది. క్రిములనూ అంతే. ఇప్పుడు సబ్బుతో, 20 సెకన్లు. పాట రెండుసార్లు!

(పాట వరుసలోనే, అందరూ చేతులు రుద్దుతూ)

అరచేయి అరచేయి రుద్దాలి
చేతి వెనకా నురగ అద్దాలి
వేళ్ల సందులు తోమాలి
బొటనవేలినీ పామాలి
గోళ్లలో మట్టి వదలాలి
కుళాయి నీళ్లకు కదలాలి!

(పాప కడిగిన చేతులు వాసన చూసి నవ్వుతుంది. కంచాల చప్పుడు.)