కొబ్బరి పొట్టు బ్లాకుల డిపార్ట్‌మెంటు: ఫిక్స్‌డ్ బడ్జెట్, ఫ్లెక్సిబుల్ బడ్జెట్, స్టెప్ కాస్టుల లెక్కలు జవాబులతో

బీకాం వాళ్ళకీ సీఎంఏ ఇంటర్ వాళ్ళకీ కలిపి పెడుతున్నానండి. ఫ్లెక్సిబుల్ బడ్జెట్ అందరికీ వచ్చు, కానీ మధ్యలో స్టెప్ కాస్ట్, అంటే ఒక హద్దు వరకూ కదలకుండా ఉండి అది దాటగానే మెట్టెక్కినట్టు ఒకేసారి పెరిగే ఖర్చు, తగిలితే సగం మంది దాన్ని వేరియబుల్‌లో కలిపేస్తారు, మిగతా సగం ఫిక్స్‌డ్‌లో పడేస్తారు, రెండూ తప్పే. అందుకని ఒకే డిపార్ట్‌మెంటు తీసుకుని నాలుగు వైపుల నుంచీ అడుగుతున్నాను. ముందు పేపర్ మీద మీరు చేసుకుని తర్వాతే జవాబు చూడండి.

డేటా

అంబాజీపేట దగ్గర ఒక కాయర్ యూనిట్ అనుకోండి. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీసేశాక మిగిలే పొట్టుని ఎండబెట్టి ప్రెస్‌లో నొక్కి 5 కిలోల బ్లాకులు చేసే డిపార్ట్‌మెంటు మనది. నెలకి 10,000 బ్లాకులని ఫిక్స్‌డ్ బడ్జెట్ వేశారు.

పొట్టు బ్లాకుకి రూ.38, పీస్ రేటు కూలి బ్లాకుకి రూ.9. కరెంటు నెలకి రూ.12,000 ఖాయం, దాని మీద బ్లాకుకి రూ.2.50. షెడ్డు అద్దె రూ.30,000. ప్రెస్ మెషీన్ ఒక్కోటి నెలకి 6,000 బ్లాకుల వరకూ చేస్తుంది, లీజు మెషీన్‌కి రూ.20,000. సూపర్‌వైజర్ ప్రతి 4,000 బ్లాకులకీ, లేదా అందులో కొంత భాగానికైనా, ఒకరు ఉండాలి, జీతం రూ.16,000.

ఆ "కొంత భాగానికైనా" అన్న ముక్క దగ్గరే మార్కులు పోతాయి. గోదావరి మీద పంటు నిండిపోయాక ఒక్క బండి మిగిలినా ఇంకో ట్రిప్పు వెయ్యాల్సిందే కదా, ఇదీ అంతే, సగం సూపర్‌వైజర్‌ని పెట్టుకోలేం.

మొదటి ప్రశ్న

ఆ నెల ముసురు పట్టి పొట్టు ఆరక 8,200 బ్లాకులే అయ్యాయి. అసలు ఖర్చు: పొట్టు రూ.3,19,800, కూలి రూ.73,800, కరెంటు రూ.34,100, సూపర్‌వైజర్లు రూ.48,000, ప్రెస్ లీజు రూ.40,000, షెడ్డు రూ.30,000. బడ్జెట్ రూ.6,25,000 అయితే రూ.5,45,700లోనే ముగించాం, రూ.79,300 మిగిల్చాం అంటున్నాడు మేనేజర్. ఒప్పుకుంటారా?

జవాబు: ఒప్పుకోకూడదు. 10,000కి వేసిన బడ్జెట్‌ని 8,200 ఉత్పత్తితో పోల్చడమే తప్పు. 8,200కి ఫ్లెక్స్ చేస్తే పొట్టు 3,11,600, కూలి 73,800, కరెంటు 12,000 + 20,500 = 32,500. సూపర్‌వైజర్ల దగ్గర 8,200ని 4,000తో భాగిస్తే 2.05 వస్తుంది, అంటే ముగ్గురు, 48,000. ప్రెస్‌లు రెండు, 40,000. షెడ్డు 30,000. మొత్తం రూ.5,35,900.

అంటే నిజానికి రూ.9,800 ఎక్కువ ఖర్చయింది, ఎడ్వర్స్. అందులో పొట్టు 8,200, కరెంటు 1,600. మేనేజర్ చెప్పిన 79,300 ఎలా వచ్చిందంటే, 89,100 కేవలం తక్కువ బ్లాకులు చేసినందుకు తగ్గింది, అందులోంచి ఈ 9,800 తీసేస్తే ఆ 79,300 వస్తుంది. పనితనం వల్ల మిగిలింది ఒక్క రూపాయి కూడా లేదు.

చాలామంది 6,25,000ని 10,000తో భాగించి బ్లాకుకి 62.50 పట్టుకుని 8,200తో గుణించి 5,12,500 రాస్తారు. అలా రాస్తే షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ జీతం కూడా 18 శాతం తగ్గిపోయినట్టు లెక్క, ఏ ఓనరూ అద్దె అలా తగ్గించడు. తేడా కచ్చితంగా 23,400, ఖాయం ఖర్చులు 1,30,000లో 18 శాతం, కావాలంటే వేసి చూసుకోండి.

ఎక్సెల్‌లో చేసేవాళ్ళు సూపర్‌వైజర్ ఖర్చు ఇలా పెట్టుకోండి:

```
=ROUNDUP(8200/4000,0)*16000
```

రెండో ప్రశ్న

300 బ్లాకులకి బ్లాకు రూ.65 చొప్పున ఒక అదనపు ఆర్డర్ వచ్చింది. ఆ నెల మామూలు ఉత్పత్తి 8,000 అయితే తీసుకోవాలా? అదే 8,200 అయితే?

జవాబు: రాబడి రెండింట్లోనూ 19,500. వేరియబుల్ ఖర్చు 38 + 9 + 2.50 = 49.50, 300కి 14,850. 8,200 నుంచి 8,500కి వెళ్తే మెట్టు ఏదీ దాటట్లేదు, మూడో సూపర్‌వైజర్ ఎలాగూ ఉన్నాడు, కాబట్టి 4,650 లాభం, తీసుకోవచ్చు. 8,000 నుంచి 8,300కి వెళ్తే మాత్రం మూడో సూపర్‌వైజర్ కొత్తగా రావాలి, ఖర్చు 30,850 అవుతుంది, 11,350 నష్టం. ఆర్డర్ అదే, ధర అదే, మనం ఏ మెట్టు మీద నిలబడి ఉన్నామన్నదే తేడా. "వేరియబుల్ కాస్ట్ కంటే ధర ఎక్కువ కాబట్టి తీసుకోవాలి" అని ఒక్క లైను రాసేసి పోతే ఇక్కడ దొరికిపోతారు.

మూడో ప్రశ్న

11,500 బ్లాకులకి బడ్జెట్ ఖర్చు 6,99,250, 12,500కి 7,84,750. హై లో పద్ధతిలో వేరియబుల్, ఫిక్స్‌డ్ విడదీయండి.

జవాబు: యాంత్రికంగా చేస్తే తేడా 85,500, బ్లాకుకి 85.50. దాంతో ఫిక్స్‌డ్ కాస్ట్ లెక్క కడితే 6,99,250 లోంచి 9,83,250 తీసెయ్యాలి, మైనస్ 2,84,000 వస్తుంది! మైనస్ ఫిక్స్‌డ్ కాస్ట్ చూడగానే పెన్ను ఆపెయ్యండి, మధ్యలో మెట్టు ఉందని అర్థం. 12,000 దాటగానే నాలుగో సూపర్‌వైజరూ మూడో ప్రెస్సూ ఒకేసారి వస్తాయి, 16,000 + 20,000 = 36,000. అది తీసేస్తే 49,500, బ్లాకుకి 49.50 సరిగ్గా వస్తుంది. స్టెప్ ఖర్చు పక్కన పెట్టాకే హై లో వాడాలి, లేదా రెండు పాయింట్లూ ఒకే మెట్టు మీద ఉండాలి.

నాలుగో ప్రశ్న, నాకు ఇష్టమైంది

(అ) సూపర్‌వైజర్లకి ఓటీ ఇస్తే మెట్టు దాటాక ప్రతి బ్లాకుకీ రూ.30 చొప్పున ఉన్న ఇద్దరే చూసుకుంటామన్నారు, మేనేజ్‌మెంటు కూడా సరేనంది. మొదటి ప్రశ్న జవాబు మారుతుందా?

జవాబు: మారుతుంది. 200 బ్లాకులకి ఓటీ 6,000, మూడో మనిషికి 16,000. 533 బ్లాకుల వరకూ ఓటీయే చవక, 534 నుంచి మనిషిని పెట్టుకోవడం చవక. కాబట్టి 8,200కి సూపర్‌వైజర్ బడ్జెట్ 38,000, మొత్తం 5,25,900. ఖర్చయింది 48,000 కనక ఇంకో 10,000 ఎడ్వర్స్ బయటపడింది, మొత్తం 19,800. ఓటీ దారి ఉండగా మూడో మనిషిని ఎందుకు పెట్టావని మేనేజర్‌ని అడగొచ్చు.

(ఆ) ఓటీ సంగతి వదిలెయ్యండి. మూడో సూపర్‌వైజర్‌ని మూడు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్నారు, తర్వాతి నెల ఉత్పత్తి 7,600కి పడిపోయింది. బడ్జెట్‌లో ఇద్దరా ముగ్గురా?

జవాబు: రూల్ ప్రకారం ఇద్దరు, మొత్తం 4,90,200. కానీ జీతం ముగ్గురికీ ఇవ్వాలి, 16,000 ఎడ్వర్స్ కనబడుతుంది. నా ఉద్దేశంలో దీన్ని ఆ నెల డిపార్ట్‌మెంటు మీద రుద్దకూడదు. ఎక్కేటప్పుడు మెట్టు వెంటనే ఎక్కేస్తాం గానీ దిగేటప్పుడు కాంట్రాక్టు అయ్యేదాకా దిగలేం. అందుకే రిపోర్టులో రెండు లైన్లు చూపించండి, రూల్ ప్రకారం 32,000, ముందే ఒప్పుకున్న కాంట్రాక్టు వల్ల 16,000 విడిగా, ఆ రెండోది కాంట్రాక్టు మీద సంతకం పెట్టినవాళ్ళ ఖాతాలోకి. పరీక్షలో ప్రశ్న కాంట్రాక్టు గురించి ఏమీ చెప్పకపోతే ఇద్దరికే వేసి, మీ ఊహ ఏంటో ఒక లైను రాయండి, మార్కు పోదు.

ఇంకోటి మీరే చెయ్యండి: ఇదే డేటాతో, ఓటీ లేకుండా, 12,000 బ్లాకులకీ 12,001కీ ఫ్లెక్సిబుల్ బడ్జెట్ వేసి ఆ ఒక్క బ్లాకు ఖర్చెంతో చెప్పండి. జవాబు రూ.36,049.50 రావాలి, రాకపోతే ప్రెస్ మెషీన్ మర్చిపోయారేమో చూడండి.