ఇంకుడుగుంతల మీటింగ్‌లో ఎవరైనా మధ్యలో అరిస్తే

వదినా, ఆదివారం చెన్నై కొళత్తూరు మీటింగ్‌లో ఈ కాగితం మీ చేతిలో ఉండాలి. ఎవరు అరిచినా ముందు ఒక గుక్క నీళ్లు తాగండి, తర్వాతే జవాబు.

"కృష్ణా నీళ్లు వస్తున్నాయిగా, గుంతలెందుకు?" ఇది తప్పకుండా అడుగుతారు.
"మంచి ప్రశ్న అన్నా. 1983 ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి పూండి వైపు మనకు ఏటా 12 టీఎంసీలు రావాలి. ఆ ఒప్పందం ఉన్నా, 2019 వేసవిలో పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. మన మేడ మీద పడే వాన కోసం మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు."

"2003లోనే కట్టించారు, ఏం లాభం?"
"నిజమేనండీ, కట్టారు. గులకరాళ్ల మధ్య మట్టి పేరుకుంటే నీరు ఇంకదు. వానలకు ముందే శుభ్రం చేద్దామనే ఈ మీటింగ్."

"నీకెంత కమీషన్?" దీనికి కోపం వస్తుంది, నాకే వస్తోంది. గొంతు తగ్గించి చెప్పండి:
"ఒక్క రూపాయి లేదండీ. ఖర్చుల పుస్తకం ఆ బల్ల మీదే ఉంది, చూడండి."

"తమిళంలో చెప్పు!"
"అలాగేనండీ." వెంటనే తమిళంలో చెప్పండి, వాదించొద్దు.

"దిగిపో!" మొదటిసారి విననట్టే ఉండండి. మళ్లీ అంటే:
"రెండు నిమిషాలు ఇవ్వండన్నా, తర్వాత మైకు మీదే."
మైకు నిజంగానే ఇచ్చేయండి.