కొలెస్ట్రాల్ మాత్ర డోసు ఒకసారి చూడమని డాక్టర్ గారికి ఉత్తరం

తణుకు,
12 అక్టోబర్ 2025.

గౌరవనీయులైన డాక్టర్ గారికి,

నమస్కారం. నేను మీ పాత పేషెంట్‌ని, సూర్యనారాయణను. ఫైలు నంబరు 4187. తణుకు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని, వయసు 54. 2023 నవంబరులో మీరే నాకు స్టెంట్ వేశారు. డిసెంబరులో ఎలాగూ చెకప్‌కి రావాలి. కానీ అప్పటిదాకా ఆగలేక ఇది రాస్తున్నాను. పైగా మీ గదిలోకి వచ్చాక బయట జనాన్ని చూసి కంగారుపడి, చెప్పాల్సిన దాంట్లో సగం మర్చిపోతుంటాను. మా అబ్బాయి ఈ ఉత్తరం, రిపోర్టులు తెచ్చి మీ అసిస్టెంట్‌కి ఇస్తాడు. తీరిక చేసుకుని చదవండి.

విషయం ఏమిటంటే, జూన్ 14న మీరు నా కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్‌ని 40 ఎంజీ నుంచి 80కి పెంచారు. అప్పటికి ఎల్‌డీఎల్ 84 ఉంది, స్టెంట్ పడినవాళ్లకి 55 లోపు ఉండాలన్నారు. 40 ఎంజీ ఏడాదిన్నర పైనే వేసుకున్నాను, ఏ బాధా లేదు. 80 మొదలుపెట్టిన మూడో వారంలో, అంటే జులై మొదట్లో, కాళ్లు పీకడం మొదలైంది. ముందు పిక్కలు. తర్వాత తొడలు. ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. రెండు వైపులా ఒకేలా ఉంటుంది. కీళ్లలో కాదు, కండలోనే. పొడిచినట్టు ఉండదు, జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు ఒళ్లంతా ఉంటుందే, అలాంటి సలుపు.

ఎంత ఉందో అంకెల్లో చెప్పడం నాకు రాదు కాబట్టి జరిగింది చెప్తాను. పొద్దున లేచేటప్పుడు మంచం పట్టె పట్టుకుని ఒక నిమిషం కూర్చుంటే తప్ప లేవలేను. పూజ దగ్గర పీట మీద కూర్చుంటే లేవడానికి మా ఆవిడ చెయ్యి అందించాలి. మా పదో తరగతి గది మేడ మీద ఉంటుంది, 22 మెట్లు. స్టెంట్ వేసిన మూడు నెలలకే ఆ మెట్లు ఆగకుండా ఎక్కాను, మీకు ఫోన్ చేసి మరీ చెప్పాను, గుర్తుందో లేదో. ఇప్పుడు పన్నెండో మెట్టు దగ్గర గోడ పట్టుకుంటున్నాను. ఆయాసం రావడం లేదు, గుండెలో నొప్పి లేదు, చెమటలు పట్టడం లేదు. ఆ తేడా నాకు బాగా తెలుసు. కాళ్లే రానంటున్నాయి. మొన్న బోర్డు పైవరసలో త్రికోణమితి సూత్రం రాస్తుంటే చెయ్యి సగంలోనే దిగిపోయింది. రెండో బెంచీ కుర్రాడు ఒకడు ఏమీ అనకుండా లేచి వచ్చి, నా చేతిలో సుద్దముక్క తీసుకుని మిగతాది రాశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు మీకు చెప్పడానికి మొహమాటపడుతున్న సంగతి ఒకటి ఉంది. దాచిపెడితే మీరు సరైన నిర్ణయం తీసుకోలేరు కాబట్టి రాసేస్తున్నాను. ఆగస్టులో మా మేనకోడలి పెళ్లికి కాకినాడ వెళ్లాం. 12వ తేదీన బయలుదేరే హడావిడిలో ఈ ఒక్క మాత్ర స్ట్రిప్పు ఇంట్లో మర్చిపోయాను. కొందామంటే మందుల షాపు వీధి చివరే ఉంది. రెండు రోజులు గడిచాక, ఆపితే ఏమవుతుందో చూద్దామనిపించి కావాలనే కొనలేదు. మొత్తం తొమ్మిది రాత్రులు వేసుకోలేదు. ఆస్పిరిన్, బీపీ మాత్రలు, షుగర్ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానలేదు. ఆరో రోజుకి పిక్కల్లో బరువు దిగిపోయింది. పెళ్లిలో బంతి వడ్డనకి కూడా నిలబడ్డాను. ఇంటికి వచ్చాక 21న భయమేసి మళ్లీ 80 మొదలుపెట్టాను. అయిదో రోజుకి నొప్పి వచ్చేసింది, మునుపటిలాగే పిక్కల నుంచే. మీకు చెప్పకుండా ఆపడం తప్పు. మళ్లీ అలా చేయను. ఇప్పుడు రోజూ రాత్రి వేసుకుంటూనే ఉన్నాను.

ఇంకొకటి. జులై చివరి వారంలో వానల్లో తడిసి గొంతు, ఛాతీ పట్టేస్తే ఇక్కడ ఒక క్లినిక్‌లో చూపించుకున్నాను. వారం రోజులు క్లారిత్రోమైసిన్ ఇచ్చారు. నేను వేసుకుంటున్న మందుల చీటీ వాళ్లకి చూపించలేదు, వాళ్లు అడగలేదు. నొప్పులు అన్నిటికన్నా ఎక్కువైంది ఆ వారంలోనే. ఎం.ఫార్మసీ చదివిన మా మేనల్లుడు తర్వాత ఆ చీటీ చూసి తల పట్టుకున్నాడు. ఆ యాంటీబయాటిక్ వాడితే అటోర్వాస్టాటిన్ ఒంట్లో కరగకుండా పేరుకుంటుందట, మోతాదు పెంచినట్టే అవుతుందట. అది అయిపోయి రెండు నెలలు దాటింది, కాబట్టి ఇప్పటి నొప్పికి అదే కారణం అనుకోను. కానీ మీ ఫైలులో ఉండాలి. అప్పటి నుంచి మందుల చీటీ జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

నొప్పికి ఏం వాడానంటారేమో. బాగా ఎక్కువైన రోజు పారాసెటమాల్ 650, వారానికి రెండు మూడు సార్లు. నువ్వుల నూనె రాసుకుని వేణ్ణీళ్ల స్నానం. స్టెంట్ ఉన్నవాళ్లు నొప్పుల మాత్రలు ఇష్టం వచ్చినట్టు వేసుకోకూడదని మీరు ముందే చెప్పారు కాబట్టి డైక్లోఫెనాక్ జోలికి పోలేదు. తోటి టీచర్లు ఏవేవో పొడులు, కషాయాలు తెచ్చి ఇచ్చారు. ప్రేమతోనే ఇచ్చారు, కానీ ఒక్కటీ వాడలేదు.

అక్టోబరు 4న పరగడుపున రక్తపరీక్షలు చేయించాను. దానికి ముందు మూడు రోజులు నడక కూడా మానేశాను, బరువులు ఎత్తలేదు, కండరాల పరీక్ష సీపీకే తప్పుగా పెరగకూడదని. వచ్చినవి ఇవి: సీపీకే 412, ఆ ల్యాబ్ వాళ్ల పై హద్దు 308. ఎల్‌డీఎల్ 76. హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 150. క్రియాటినిన్ 1.0. లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ 38. విటమిన్ డి 16, ఇది బాగా తక్కువని ల్యాబ్ అతనే అన్నాడు. థైరాయిడ్ మాత్రం చేయించలేదు, ఏడాది దాటింది. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ డి తగ్గినా ఇలాంటి నొప్పులు వస్తాయంటారు కాబట్టి అదీ చూడాలంటే చెప్పండి, ఇక్కడే చేయించి పంపిస్తాను. మూత్రం రంగు మామూలుగానే ఉంది. టీ డికాక్షన్‌లా మారితే ఒక్క క్షణం ఆగకుండా హాస్పిటల్‌కి రావాలని నాకు తెలుసు, రోజూ గమనిస్తున్నాను. జ్వరం లేదు.

ఈ ఎల్‌డీఎల్ లెక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది డాక్టర్ గారూ. స్టెంట్‌కి ముందు నాకు 158 ఉండేది. 40 ఎంజీతో 84కి వచ్చింది, అంటే 74 తగ్గింది. మాత్ర రెట్టింపు చేశాక తగ్గింది ఎనిమిది. ఈ మందుల్లో డోసు రెట్టింపు చేసినప్పుడల్లా అదనంగా తగ్గేది ఆరు శాతం దాకానే అని మా మేనల్లుడు చెప్పాడు. మొదటి 158లో ఆరు శాతం వేస్తే తొమ్మిదిన్నర వస్తుంది. నా రిపోర్టు దాదాపు అక్కడే ఉంది. ఆ ఎనిమిది కోసం నా కాళ్లు ఇంత ఇచ్చుకోవాలా అని అడుగుతున్నాను. ఇది మీ మీద ఫిర్యాదు కాదు. అప్పుడు మీరు పెంచింది నా మంచికే, 84 చాలదని నాకూ తెలుసు.

ఒక మాట మీరు అడగకముందే చెప్తాను. మాత్ర మీద భయంతోనే చాలామందికి నొప్పులు వస్తాయని, లండన్‌లో జరిపిన ఒక పరిశోధనలో మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నెలల్లో కూడా దాదాపు అవే బాధలు కనిపించాయని మా అబ్బాయి చదివి వినిపించాడు. నాదీ అదే కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. 80 అనే అంకె చూసి నాకు టెన్షన్ పట్టుకున్న మాట నిజం. కాకినాడలో ఆపిన సంగతి కూడా నాకు తెలిసే ఆపాను కదా. కానీ నొప్పి ఎక్కడిదైనా, మంచం మీంచి లేవలేకపోవడం మాత్రం నిజమే. దీన్ని ఎలా తేల్చాలో మీకే తెలుస్తుంది.

నేను అడిగేది మందు ఆపేయమని కాదు. దయచేసి అలా అనుకోవద్దు. మా నాన్నగారు 1991లో, 56వ ఏట, పొలం గట్టు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఆయన కొలెస్ట్రాల్ ఎంతో ఎవరికీ తెలియదు, ఎవరూ చూడలేదు. నాకు రెండేళ్లలో ఆ వయసు వస్తుంది. ఈ మాత్ర నన్ను కాపాడుతోందని నమ్ముతున్నాను కాబట్టే, జీవితాంతం వేసుకోగలిగే డోసులో ఇవ్వమంటున్నాను. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు ఓపిక చచ్చి మొత్తం మానేస్తానేమోనని నాకే భయంగా ఉంది. ఆగస్టులో ఒకసారి ఆ పని చేసేశాను కూడా.

మళ్లీ 40కి తగ్గించి దానికి ఎజెటిమైబ్ 10 ఎంజీ కలిపితే ఎలా ఉంటుంది? అది ఇంకో అయిదో వంతు దాకా తగ్గిస్తుందని విన్నాను. లెక్కన 67, 68 వస్తుంది, ఇప్పటి 76 కన్నా మెరుగే. 55కి ఇంకా చేరనట్టే, దానికేం చేయాలో మీరే చెప్పాలి. లేకపోతే రోసువాస్టాటిన్‌కి మార్చడం కుదురుతుందా? మార్చే ముందు రెండు మూడు వారాలు పూర్తిగా ఆపి చూడాలంటే దానికీ సిద్ధమే, కానీ స్టెంట్ ఉన్న నాకు అన్ని రోజులు ఆపడం క్షేమమో కాదో మీ నోటితో వినాలి. విటమిన్ డి మొదలుపెట్టాలంటే ఎంత మోతాదో రాయండి.

దసరా సెలవులు అయిపోయాయి కానీ శనివారాలు సాయంత్రం బడి అయ్యాక బయలుదేరి రాత్రికి విజయవాడ చేరగలను, ఆదివారం మీరు చూస్తానంటే ఉండిపోతాను. రావాల్సిన పని లేదంటే మా అబ్బాయి చేతికి చీటీ రాసి ఇచ్చినా చాలు. మీ మాట వచ్చేదాకా 80 మానను, తగ్గించను.

నా మిగతా మందులు: ఆస్పిరిన్ 75, మెటోప్రొలాల్ 25, టెల్మిసార్టాన్ 40, మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. క్లోపిడోగ్రెల్ నిరుడు మీరే ఆపించారు.

ఇట్లు,
మీ పేషెంట్,
సూర్యనారాయణ

తా.క. మా పెరట్లో పంపర పనస చెట్టు ఉంది, ఈ ఏడు విరగ్గాసింది. రోజూ రాత్రి భోజనం అయ్యాక నాలుగు తొనలు తింటున్నాను. గ్రేప్‌ఫ్రూట్ జాతి పండ్లలో కొన్ని ఈ మాత్రకి పడవని మా మేనల్లుడు అంటున్నాడు. ఇదీ మానాలా? మీరు చెప్పేదాకా ఈ రోజు నుంచి తినడం లేదు.