తోతాపురి టోకెన్ యాప్ విడుదల వైఫల్యం: సమీక్ష నడిపే తీరు, ప్రశ్నలు, పత్రం

గురువారం మధ్యాహ్నం 2 గంటలకు తిరుపతి ఆఫీసులో కూర్చుంటున్నాం, రెండు గంటలు. కాయ తెచ్చే బండ్లకు వరుస నంబర్లిచ్చే టోకెన్ యాప్‌ను సోమవారం ఉదయం 6కి తెరిచి 9.40కి ఆపేసి, చిత్తూరు చుట్టుపక్కల మూడు పల్ప్ ఫ్యాక్టరీల గేట్ల దగ్గర మళ్లీ కాగితం టోకెన్లు ఇవ్వాల్సి వచ్చింది. బంగారుపాళ్యం, పూతలపట్టు వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు అప్పటిదాకా ఎండలోనే ఉన్నాయి. లోడులో అడుగు కాయ వేడెక్కి మెత్తబడితే కాటా దగ్గర తగ్గేది రైతు డబ్బు. అందుకే దీన్ని మొక్కుబడి మీటింగులా జరపొద్దు.

ఎవరెవరు రావాలి

కోడ్ రాసిన ఇద్దరు, డేటాబేస్ చూసేవారు, టెస్టర్, ఎస్ఎంఎస్ గేట్‌వే పని చూసినవారు, హెల్ప్ ఫోన్ ఎత్తినవారు, ఒక ఫ్యాక్టరీ గేటు గుమాస్తా. ఏడుగురు చాలు. నడిపేది వేరే ప్రాజెక్ట్ మనిషి, ఎందుకంటే ఈ విడుదలలో చేయి ఉన్నవాళ్లు తెలియకుండానే తమ నిర్ణయాన్ని కాపాడుకుంటారు. ఇంక్రిమెంట్లు తేల్చే మేనేజర్ మొదటి గంటన్నర గదిలో ఉండకూడదు. చివరి అరగంటకు మాత్రం తప్పక రావాలి, దిద్దుబాటు పనులకు మనుషుల్ని, రోజుల్ని ఇవ్వాల్సింది ఆయనే.

బుధవారం సాయంత్రానికి కాలక్రమం సిద్ధం కావాలి

కారణాల జోలికి పోకముందు ఏం జరిగిందో నిమిషాల లెక్కన రాయాలి. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. సర్వర్ లాగులు, గేట్‌వే డెలివరీ రిపోర్టు, వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లు, గేటు దగ్గరి టోకెన్ పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టుకోండి. ఒక్క జాగ్రత్త: మన లాగులు యూటీసీలో ఉన్నాయి. 5 గంటల 30 నిమిషాలు కలపాలి. లాగులో 00:52 అంటే మనకు ఉదయం 6.22. ఇది మరిచిపోతే ఫలితం ముందు, కారణం వెనుక పడతాయి.

ఇప్పటిదాకా దొరికింది ఇది:

- శనివారం రాత్రి 8.15: ఓటీపీ మెసేజ్‌లో "తోతాపురి" అనే మాట చేర్చారు.
- ఆదివారం సాయంత్రం 5.00: రద్దీ ఉంటుందని రెండు యాప్ సర్వర్లను నాలుగు చేశారు.
- సోమవారం 6.04: గేటు గుమాస్తా వాట్సాప్‌లో "ఓటీపీ రాలేదంటున్నారు" అని పెట్టారు. అదే సమయంలో మన డాష్‌బోర్డు "పంపినవి 100%" అని చూపిస్తోంది.
- 6.22: డేటాబేస్ నుంచి మొదటి తిరస్కరణ.
- 6.50: కాగితానికి మారదామని గేటు దగ్గర అడిగారు.
- 9.40: మారారు.

6.22 నాటి లాగు వరుస:

```
FATAL: remaining connection slots are reserved for roles with the SUPERUSER attribute
```

మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో ఒకేసారి తెరవగల కనెక్షన్ల హద్దు, అంటే max_connections, మామూలుగా 100. అందులో 3 సూపర్‌యూజర్‌కు కేటాయింపు, యాప్‌కు దక్కేవి 97. ఒక్కో యాప్ సర్వర్ తన కోసం తెరిచి ఉంచుకోగల కనెక్షన్ల గుంపు, అంటే పూల్, 30. లోడ్ టెస్ట్ రెండు సర్వర్లతో చేశాం కాబట్టి 60 దాటలేదు. నాలుగు చేశాక 120 దాకా అడగగలవు. బలం కోసం కలిపిన సర్వర్లే డేటాబేస్ తలుపు మూసేశాయి. ఆదివారం సాయంత్రం ఆ గదిలో ఉంటే మనలో చాలామంది అదే పని చేసేవాళ్లం. సమీక్షలో ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకో తీగ ఎస్ఎంఎస్‌ది. సంస్థలు పంపే మెసేజ్‌ల నమూనాలను ముందే నమోదు చేయాల్సిన డీఎల్‌టీ వ్యవస్థలో ఆమోదం పొందిన టెంప్లేట్‌తో మెసేజ్ సరిపోలకపోతే ఆపరేటర్ దాన్ని ఆపేస్తాడు. మన గేట్‌వే మాత్రం మెసేజ్ తీసుకున్నానని ముందే జవాబిచ్చింది, డాష్‌బోర్డు దాన్నే "పంపినవి"గా లెక్కేసింది. ఓటీపీ రాని రైతు "మళ్లీ పంపు" నొక్కుతూనే ఉన్నాడు. ఆ బటన్‌కు విరామం లేదు. పైగా గేట్‌వే జవాబు కోసం ఆగే రెండు మూడు సెకన్లూ కోడ్ డేటాబేస్ కనెక్షన్‌ను పట్టుకునే ఉంది. రెండు తీగలూ అక్కడే ముడిపడ్డాయి.

మీటింగులో

మొదటి పది నిమిషాల్లో నడిపేవారు ఇది చదవాలి: "ఎవరు చేశారన్నది ఇక్కడ వెతకడం లేదు. ఆ క్షణాన మీకు ఏం కనిపించింది, ఏం తెలియలేదు, అది చెప్పండి. ఇక్కడి మాట ఎవరి అప్రైజల్‌లోకీ వెళ్లదు." మేనేజర్ దీనికి ముందే ఒప్పుకొని ఉండాలి. ఒప్పుకోకపోతే చదవొద్దు.

తర్వాత 40 నిమిషాలు కాలక్రమం సరిచూడటం. మొదట మాట్లాడేది గేటు గుమాస్తా. ఇంజినీర్లు మొదలుపెడితే ఆయన నోరు విప్పరు. "అన్నా, 6 నుంచి 7 దాకా మీ ముందు ఏం జరిగిందో వరుసగా చెప్పండి" అంటే చాలు. యాప్‌లో 14వ నంబర్ వచ్చిన రైతు, కాగితం మీద 14 ఉన్న రైతు ఒకేసారి కాటా ఎక్కాలని వచ్చిన సంగతి లాగుల్లో దొరకదు, ఆయన దగ్గరే ఉంది.

ఆ తర్వాత 40 నిమిషాలు ప్రశ్నలు:

- మెసేజ్ మాట మారిస్తే డీఎల్‌టీ ఆమోదం మళ్లీ కావాలని మార్చినవారికి ఏ దారిలో తెలియాలి? ఆ దారి ఎక్కడ తెగింది?
- టెస్ట్ సర్వర్‌లో ఓటీపీ ఎప్పుడూ ఒకే అంకె. అసలు ఫోన్‌కు మెసేజ్ చేరిందో లేదో ఎవరూ చూడకుండా విడుదల ఎలా సాధ్యమైంది?
- 6.04 వాట్సాప్ మెసేజ్ చదివినవారు డాష్‌బోర్డును నమ్మారు. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటి?
- సర్వర్లు పెంచేటప్పుడు పూల్ లెక్క చూడాలని ఎక్కడైనా రాసి ఉందా?
- 6.50 నుంచి 9.40 దాకా నిర్ణయం ఎవరి చేతిలో ఉందనుకున్నారు? ఒక్కొక్కరూ ముందు చీటీ మీద రాసి, తర్వాత చదవండి. జవాబులు వేరువేరుగా వస్తే కారణం అక్కడే ఉంది.
- ఏది సరిగా పనిచేసింది? పాత టోకెన్ పుస్తకాలు గేటు దగ్గరే ఉండబట్టి బండ్లు కదిలాయి.

టొయోటాలో పుట్టిన ఐదుసార్లు "ఎందుకు" పద్ధతి తెలిసిందే. ఇక్కడ దాన్ని ఒక్క వరుసలో లాగితే ఓటీపీ దగ్గరో, పూల్ దగ్గరో ఆగిపోతాం. మూడు గొలుసులు విడిగా రాయండి: మెసేజ్, కనెక్షన్లు, ఆలస్యమైన నిర్ణయం. మూడోదే రైతుకు ఎక్కువ నష్టం చేసింది. సాంకేతిక లోపాలు ఆసక్తిగా ఉంటాయి కాబట్టి దాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. దానికి కనీసం 15 నిమిషాలు ఉంచండి.

చివరి అరగంట పనులు. ఐదుకు మించొద్దు. "ఇకపై జాగ్రత్తగా ఉండాలి" అనేది పని కాదు, దాన్ని కొట్టేయండి. పూర్తయిందో లేదో ఇంకొకరు వచ్చి చూడగలిగితేనే పని.

పత్రం (ఒక పేజీ దాటొద్దు, ఇది చిత్తుప్రతి, గురువారం దిద్దుతాం)

ఏం అనుకున్నాం: 6 గంటల నుంచి టోకెన్లన్నీ యాప్‌లోనే.

ఏం జరిగింది: 3 గంటల 40 నిమిషాలు గందరగోళం, ఆపై కాగితం. కొన్ని నంబర్లు ఇద్దరేసికి.

కారణాలు: ఆమోదం లేని ఓటీపీ మాట, పూల్ మొత్తం 120, డేటాబేస్ హద్దు 97, వెనక్కి మళ్లే అధికారం ఎవరిదో రాసి లేకపోవడం.

నిలబెట్టుకోవాల్సింది: గేటు దగ్గర కాగితం పుస్తకం.

పనులు:

1. డెలివరీ రిపోర్టు ప్రకారం చేరిన ఓటీపీల శాతం డాష్‌బోర్డులో. బాధ్యత: గేట్‌వే చూసేవారు. గడువు: వచ్చే మంగళవారం.
2. పూల్ 20కి తగ్గింపు (4 × 20 = 80), గేట్‌వే పిలుపుకు ముందే కనెక్షన్ వదలడం. బాధ్యత: డేటాబేస్ చూసేవారు, కోడ్ రాసినవారు. గడువు: వచ్చే బుధవారం.
3. "మళ్లీ పంపు"కు 60 సెకన్ల విరామం. బాధ్యత: కోడ్ రాసినవారు. గడువు: వచ్చే సోమవారం.
4. విడుదలకు ముందు రోజు మూడు నెట్‌వర్క్‌ల అసలు ఫోన్లకు ఓటీపీ పరీక్ష. బాధ్యత: టెస్టర్. ఇకపై ప్రతి విడుదలకూ.
5. 20 నిమిషాల్లో టోకెన్ రాకపోతే గేటు గుమాస్తా ఎవరినీ అడగకుండా కాగితానికి మారొచ్చు. కాగితం నంబర్లు 501 నుంచి. బాధ్యత: మేనేజర్ సంతకంతో మూడు గేట్లకూ. గడువు: శనివారం.

మళ్లీ చూసేది: రెండు వారాల తర్వాత గురువారం, అరగంట, పూతలపట్టు వైపు ఫ్యాక్టరీ గేటు దగ్గరే.